జత దొరకని బ్రాకెట్

`)()(())(()` అనే ఈ వరుసలో పది గుర్తులున్నాయి. అక్షరాలు లేవు, అంకెలు లేవు, ఉన్నవన్నీ తెరిచే బ్రాకెట్లు, మూసే బ్రాకెట్లు. మధ్యలో ఎక్కడా తెగకుండా, తెరిచిన ప్రతి బ్రాకెట్టూ సరిగ్గా మూసుకుంటూ సాగే అతి పొడవైన ముక్క ఇందులో ఎంత ఉంది? కాస్త నిదానంగా చూస్తే కంటికే దొరుకుతుంది. మొదటి గుర్తును వదిలేస్తే `()(())` అనే ఆరు గుర్తుల ముక్క కనిపిస్తుంది. జవాబు 6.

పది గుర్తులైతే కళ్లు చాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవాళ్లు సాధన చేసే లీట్‌కోడ్‌లో ఇది 32వ లెక్క. అక్కడ వరుస 30,000 గుర్తుల దాకా ఉండొచ్చు. అందులోంచి కోయగలిగే ముక్కలు దాదాపు 45 కోట్లు. ఒక్కో ముక్కనూ విడిగా తీసి పరీక్షిస్తూ కూర్చుంటే తెమిలే పని కాదు. వరుసను ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదివి జవాబు చెప్పాలి. అలా చెప్పే ప్రసిద్ధమైన దారులు రెండు ఉన్నాయి. ఒకటి స్టాక్, రెండోది డైనమిక్ ప్రోగ్రామింగ్, అంటే కుర్రాళ్ల మాటలో డీపీ. కోచింగ్ పాఠాల్లో వీటిని రెండు వేర్వేరు చిట్కాల్లా చెబుతారు. నిజానికి రెండూ గుర్తుపెట్టుకునే విషయం ఒక్కటే. అదెలాగో చూద్దాం.

ముందుగా అందరికీ తట్టే ఉపాయం ఎందుకు పనిచేయదో చూడాలి. తెరిచేవి ఎన్ని, మూసేవి ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ పోయి, రెండూ సమానమైన చోట పొడవు కొలిస్తే చాలదా? `(()` మీద ప్రయత్నించండి. తెరిచేవి రెండు, మూసేది ఒకటి. చివరిదాకా వెళ్లినా లెక్క సమానం కాదు కాబట్టి జవాబు 0 వస్తుంది. లోపల మాత్రం `()` నిక్షేపంగా ఉంది. మొదటి బ్రాకెట్ జత దొరక్క మిగిలిపోయిందని ఆ లెక్కకు తెలియదు. ఎన్ని మిగిలాయో చెప్పగలదు కానీ, ఏది మిగిలిందో చెప్పలేదు.

అసలు కీలకం ఆ మిగిలిపోయిన బ్రాకెట్లే. జత దొరకని ప్రతి బ్రాకెట్టూ పొలంలో గట్టు లాంటిది. సరైన ముక్క ఏదైనా రెండు గట్ల మధ్య మడిలోనే ఉండాలి, గట్టు దాటి అవతలికి పోలేదు. మన వరుసలో స్థానాలను 0 నుంచి లెక్కపెడితే, 0లో ఉన్న మూసే బ్రాకెట్‌కు జత లేదు, 7లో ఉన్న తెరిచే బ్రాకెట్‌కూ జత లేదు. ఆ రెండూ గట్లు. వాటి మధ్య ఉన్న మడి పొడవు ఆరు. 7 తర్వాతి మడి పొడవు రెండు. కాబట్టి ప్రతి చోటా అడగాల్సింది ఒకటే: ఇక్కడినుంచి వెనక్కి చూస్తే మొదట ఎదురయ్యే గట్టు ఎక్కడుంది?

స్టాక్ ఆ గట్టు చిరునామాను నేరుగా దాచుకుంటుంది. స్టాక్ అంటే చివర పెట్టినదాన్నే ముందుగా తీసే నిల్వ. దీనికీ బ్రాకెట్లకూ ఉన్న బంధం పాతది. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ బావర్, క్లాస్ సామెల్సన్ 1957లో ఈ పద్ధతికి పేటెంట్ కోసం దరఖాస్తు చేసినప్పుడు వాళ్ల ముందున్న సమస్య, బ్రాకెట్లతో నిండిన గణిత సూత్రాలను యంత్రం చేత లెక్క కట్టించడమే.

```
stack = [-1]
best = 0
for i in range(len(s)):
    if s[i] == '(':
        stack.append(i)
    else:
        stack.pop()
        if stack:
            best = max(best, i - stack[-1])
        else:
            stack.append(i)
```

స్టాక్‌లో పెడుతున్నవి బ్రాకెట్లు కావు, వాటి స్థానాలు. అంటే ఇండెక్సులు. మొదట ఉన్న -1 ఒక ఊహా గట్టు, వరుస మొదలుకు ముందున్న సరిహద్దు. తెరిచే బ్రాకెట్ వస్తే దాని స్థానం స్టాక్ మీదికి వెళ్తుంది. జత ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి అది గట్టే. మూసే బ్రాకెట్ వస్తే పై స్థానాన్ని తీసేస్తాం, అంటే ఆ గట్టు తెగింది. ఇప్పుడు పైన మిగిలినదే కొత్త సరిహద్దు. అక్కడినుంచి మనమున్న చోటికి ఎంత దూరమో అదే ముక్క పొడవు. తీశాక స్టాక్ ఖాళీ అయిపోతే, ఈ మూసే బ్రాకెట్‌కు జత లేదని అర్థం. అప్పుడు అదే కొత్త సరిహద్దు అవుతుంది.

మన వరుస మీద నడిపిద్దాం. స్థానం 0 దగ్గర -1 పోయి స్టాక్ ఖాళీ అవుతుంది, దాని చోట 0 కూర్చుంటుంది. 1 వచ్చి చేరుతుంది. 2 దగ్గర ఆ 1 పోతుంది, పైన 0 మిగులుతుంది, పొడవు 2 − 0, అంటే 2. తర్వాత 3, 4 చేరతాయి. 5 దగ్గర 4 పోతుంది, పైన 3 ఉంది, పొడవు 2. 6 దగ్గర 3 కూడా పోయి పైన మళ్లీ 0 కనబడుతుంది. పొడవు 6 − 0, అంటే 6. మొదటి `()`, తర్వాతి `(())` ఎవరూ కలపకుండానే ఇక్కడ కలిసిపోయాయి. మధ్యలో ఉన్న గట్లు తెగిపోవడమే వాటిని కలిపింది. ఆ తర్వాత 7, 8 చేరతాయి, 9 దగ్గర 8 పోతుంది, పొడవు 9 − 7, అంటే 2. చివరికి స్టాక్‌లో మిగిలినవి 0, 7. మనం పైన చూసిన గట్లే అవి.

డీపీ ఏ చిరునామానూ దాచదు. దూరాన్ని రాసుకుంటుంది. ప్రతి స్థానానికీ పట్టికలో ఒక గడి ఉంటుంది. సరిగ్గా ఆ స్థానం దగ్గర ముగిసే అతి పొడవైన సరైన ముక్క పొడవును అందులో రాస్తాం. ‘ముగిసే’ అన్న మాటే దీనికి ప్రాణం. ఇప్పటివరకు కనిపించిన వాటిలో పెద్దది రాస్తే తర్వాతి గడి నింపడానికి అది పనికిరాదు.

```
dp = [0] * len(s)
for i in range(1, len(s)):
    if s[i] == ')':
        j = i - 1 - dp[i-1]
        if j >= 0 and s[j] == '(':
            dp[i] = dp[i-1] + 2
            if j > 0:
                dp[i] += dp[j-1]
```

తెరిచే బ్రాకెట్ దగ్గర ఏ సరైన ముక్కా ముగియదు కాబట్టి ఆ గడిలో 0. మూసే బ్రాకెట్ అయితే జతను వెతకాలి. పక్క గడిలో రాసి ఉన్న పొడవంతా అప్పటికే జతలు కుదిరిన భాగం, దాన్ని దాటేసి వెనక్కి వెళ్తే వచ్చేది `j`. అక్కడ తెరిచే బ్రాకెట్ ఉంటే జత కుదిరింది. లోపలి పొడవుకు రెండు కలపాలి. ఆ పైన, `j`కి సరిగ్గా ముందు ముగిసిన ముక్క ఏదైనా ఉంటే దాన్నీ అతికించాలి.

స్థానం 6 దగ్గర చూడండి. పక్కన `dp[5]` 2. కాబట్టి `j` 6 − 1 − 2, అంటే 3. అక్కడ తెరిచే బ్రాకెట్ ఉంది. 2కి 2 కలిపితే 4. దానికి ముందున్న `dp[2]` కూడా 2, అది కలిస్తే 6. పట్టిక మొత్తం నింపాక 0 0 2 0 0 2 6 0 0 2 అని వస్తుంది. అందులో పెద్దది 6.

ఇప్పుడు పట్టికను స్టాక్ పక్కన పెట్టి చూడండి. స్థానం 6 పని ముగిశాక స్టాక్ పైన 0 ఉంది, `i - dp[i]` కూడా 6 − 6, అంటే 0. స్థానం 9 తర్వాత స్టాక్ పైన 7 ఉంది, 9 − 2 కూడా 7. స్థానం 4 దగ్గర స్టాక్ పైన 4, పట్టికలో 0, తేడా 4. ఏ స్థానం తీసుకున్నా ఇది తప్పదు. స్టాక్ పైన ఉన్న సంఖ్య గట్టు ఎక్కడుందో చెబుతుంది, డీపీ గడి గట్టు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. డీపీ లెక్కకట్టి పట్టుకున్న `j`, స్టాక్‌లో తీసేయబోతున్న సంఖ్యే. డీపీ ప్రత్యేకంగా అతికించే `dp[j-1]` స్టాక్‌లో ఎందుకు కనిపించదో కూడా ఇక్కడే తేలుతుంది. `j` పోయాక కింద బయటపడే సరిహద్దు అప్పటికే ఆ పాత ముక్కకు అవతల ఉంది. అతుకు దానంతటదే పడుతుంది.

పొరపాట్లు కూడా ఈ తేడాను బట్టే వస్తాయి. డీపీ రాసేవాళ్లు మరిచేది ఆ అతుకునే. మరిచారో లేదో తెలియాలంటే `()()` ఇచ్చి చూడాలి. 4 రావాల్సిన చోట 2 వస్తుంది. `j >= 0` అనే తనిఖీ వదిలేయడం ఇంకా చిక్కు. జావాలో అయితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయి తప్పు బయటపడుతుంది. పైథాన్‌లో `s[-1]` అంటే వరుసలో చివరి గుర్తు, కాబట్టి ఏ గొడవా లేకుండా ముందుకు సాగిపోతుంది. `())(` ఇవ్వండి. స్థానం 2 దగ్గర `j` విలువ -1 అవుతుంది, చివరనున్న తెరిచే బ్రాకెట్‌ను జతగా పట్టుకుని 4 అని చెబుతుంది. అసలు జవాబు 2. ఇంతకంటే నమ్మకంగా చెప్పే అబద్ధం ఉండదు.

స్టాక్ వైపు మరిచేది -1ని. అది లేకపోతే `()` లాంటి అతి చిన్న వరుసకే 0 వస్తుంది. కొందరు స్థానాలు దాచకుండా, జత కుదిరిన ప్రతిసారీ రెండు కలుపుకుంటూ పోతారు. `()(()`కి వాళ్ల జవాబు 4. జతలు రెండున్న మాట నిజమే, కానీ వాటి మధ్య స్థానం 2లో గట్టు అడ్డంగా ఉంది.

సమయంలో రెండింటికీ తేడా లేదు, వరుసను ఒక్కసారి చదివితే చాలు. జాగా విషయంలో డీపీ వరుస ఎంత పొడవో అంతా ఎప్పుడూ తీసుకుంటుంది. స్టాక్, మూతపడకుండా ఉన్న బ్రాకెట్లు ఎన్నో అంతే తీసుకుంటుంది. `()()()` అని లక్ష గుర్తులు సాగినా అందులో రెండు సంఖ్యలకు మించి ఉండవు. అన్నీ తెరిచేవే వస్తే మాత్రం అదీ అంతే పెరుగుతుంది. పొడవు ఒక్కటే అడిగితే నేను స్టాక్ వైపే మొగ్గుతాను. వెనక్కి లెక్క కట్టే పని లేదు, పొరపాటుకు చోటు తక్కువ.

ఈ లెక్కకు పట్టికా స్టాకూ లేకుండా రెండు లెక్కింపులతో సరిపెట్టే దారి కూడా ఉంది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి లెక్కపెట్టాలి. ఎడమ నుంచి వెళ్లేటప్పుడు మూసేవి ఎక్కువైతే, కుడి నుంచి వచ్చేటప్పుడు తెరిచేవి ఎక్కువైతే సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టాలి. `(()` మొదటి చూపులో తప్పిపోయినా రెండో చూపులో దొరుకుతుంది. కాకపోతే గుర్తులు ఒక్కొక్కటిగా వస్తూ, వెనక్కి తిరిగి చదివే వీలు లేనప్పుడు ఇది పనికిరాదు.

ప్రశ్న కాస్త మారితే డీపీ బలం తెలుస్తుంది. అతి పొడవైనది కాదు, సరైన ముక్కలు మొత్తం ఎన్ని అని అడిగారనుకోండి. పక్కన ఇంకో పట్టిక పెట్టి, జత కుదిరిన ప్రతిచోటా `c[i] = c[j-1] + 1` అని రాస్తే చాలు, `j` సున్నా అయితే 1. మన వరుసలో స్థానం 2 దగ్గర 1, 5 దగ్గర 1, 6 దగ్గర 2, 9 దగ్గర 1 వస్తాయి. మొత్తం 5 ముక్కలు. రెండు లెక్కింపుల దారికి ఇది అందదు. స్టాక్ చేత చేయించాలన్నా, ప్రతి స్థానంతో పాటు దాని ముందున్న లెక్కను కూడా అందులో దాచాల్సిందే.