అప్పు ఎవరిదో, ఫోను ఎవరికో

రాత్రి షిఫ్టు కాల్ సెంటర్‌లో పుట్టే రాంగ్ నంబర్ హాస్యకథకూ, పాత సినిమాల రాంగ్ నంబర్ కథకూ పోలిక తక్కువ. పాత కథలో తప్పు వేలిది. డయల్ తిప్పేవాడు ఒక అంకె అటూ ఇటూ చేస్తాడు, అవతల ఎవరో ఎత్తుతారు, కథ నడుస్తుంది. కాల్ సెంటర్‌లో ఏజెంటు నంబరు నొక్కడు. డయలర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా చాలా నంబర్లకు ఫోను కొట్టి, ఎత్తినవాళ్లను ఖాళీగా ఉన్న ఏజెంటుకు కలుపుతుంది. ఏజెంటు చెవిలో ఒక బీప్ మోగుతుంది, తెర మీద ఒక పేరు కనిపిస్తుంది. ఈ కలపడానికి పట్టే క్షణంలో అవతలివాళ్లు రెండు మూడుసార్లు ‘హలో, హలో’ అని అరిచి ఉంటారు. అంటే మొదటి మాటకు ముందే చిరాకు సిద్ధంగా ఉంటుంది. హాస్యం రాసేవాళ్లకు ఇది చేతికందిన వరం.

వేలు జారే అవకాశం లేనప్పుడు రాంగ్ నంబర్ ఎలా పుడుతుంది? చాలాసార్లు నంబరు చేతులు మారడం వల్ల. ఒకరు వదిలేసిన నంబరును ఫోను కంపెనీ కొంతకాలం పక్కన పెట్టి మరొకరికి ఇస్తుంది. ఆ గడువు భారతదేశంలో 90 రోజులు, అమెరికాలో కనీసం 45 రోజులు. పాత మనిషి పేరు మాత్రం బ్యాంకుల జాబితాల్లో, అప్పుల ఖాతాల్లో ఏళ్ల తరబడి ఆ నంబరుకే అంటుకుని ఉంటుంది. కొత్తగా నంబరు తీసుకున్న మనిషికి సిమ్ కార్డుతోపాటు ముక్కూ మొహం తెలియని ఎవరి అప్పో కూడా వస్తుంది.

ఇలాంటి కథకు బాగా పండే నేల అమెరికా అప్పుల వసూలు ప్రాసెస్. అమ్మకాల కాల్ అయితే రాంగ్ నంబర్‌కూ సరుకు అమ్మేయవచ్చు, కథ అక్కడితో సరి. వసూళ్లలో అది కుదరదు. అమెరికాలో 1977లో చేసిన వసూళ్ల చట్టం ప్రకారం ఒకరి అప్పు సంగతి మూడో మనిషికి చెప్పకూడదు. ఏజెంటు తన పేరు చెప్పవచ్చు, ఫలానా వ్యక్తి ఎక్కడ దొరుకుతారని అడగవచ్చు. ఎందుకని అడిగితే మాత్రం అసలు సంగతి బయటపెట్టకూడదు. తన కంపెనీ పేరు కూడా అవతలివాళ్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప చెప్పకూడదు. ఇప్పుడు ఫోను ఎత్తింది ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ అనుకుంటే సంభాషణ దానంతటదే నడుస్తుంది.

ఉదాహరణకు ఒక కథ అల్లుకుందాం. చోటు మాదాపూర్‌లో ఒక భవనం, నాలుగో అంతస్తు. కుర్రాడిది సిద్దిపేట వైపు ఊరు. అసలు పేరు శ్రీనివాస్, ఫోనులో పేరు స్టీవ్. అవతల ఒహాయో రాష్ట్రంలో డెబ్బై దాటిన ఆవిడ. తెర మీద పేరు ఎవరో రాబర్ట్‌ది.

‘రాబర్ట్ గారితో మాట్లాడొచ్చా?’

‘రాబర్ట్ ఎవరు?’

‘అది మీరే చెప్పాలి మేడమ్.’

‘ఫోను చేసింది నువ్వు. నన్నడుగుతావేం? ఇంతకీ ఏం పని?’

‘సొంత విషయం మేడమ్.’

‘నీకా, వాడికా?’

ఈ చివరి ప్రశ్నకు స్క్రిప్టులో జవాబు లేదు. ఇక్కడ నవ్వు పుట్టేది ఏజెంటు ఉచ్చారణ మీద కాదు, ముసలావిడ చాదస్తం మీద కాదు. నిజం చెప్పకూడదని ఒకరికి నియమం, తెలుసుకోకుండా వదలనని మరొకరికి పట్టుదల. వచ్చీరాని ఇంగ్లిష్ మీద ఆధారపడిన కాల్ సెంటర్ జోకులు త్వరగా పాతబడ్డాయి. నియమం మీద నిలిచిన జోకు ఆ నియమం ఉన్నంతకాలం బతుకుతుంది.

స్నేహానికి దారి కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆచూకీ కోసం మూడో మనిషికి ఒక్కసారే ఫోను చేయాలన్నది నియమం. అయితే ఆ మనిషే మళ్లీ చేయమని కోరితే చేయవచ్చు. చట్టం రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో రాశారో గానీ, కథకుడి కంటికి ఇది తెరిచి ఉంచిన దొడ్డిగుమ్మం. ‘రాబర్ట్ గురించి మా పక్కింటావిడను కనుక్కుంటాను, రేపు చెయ్యి’ అని ఆవిడ అంటుంది. ఆవిడకు రాబర్ట్‌తో పనిలేదు, పక్కింట్లో ఎవరూ లేరు. ఆ సంగతి కుర్రాడికి మూడో కాల్‌లో అర్థమవుతుంది. అప్పటికి అతడికీ ఆ కాల్ కావాలి.

కథ అసలు మలుపు మాటల్లో ఉండదు, ఒక చిన్న నొక్కుడులో ఉంటుంది. ప్రతి కాల్ ముగిశాక ఏజెంటు దాని ఫలితాన్ని తెర మీద ఎంచుకోవాలి. దాన్నే డిస్పోజిషన్ అంటారు. ఎత్తలేదు, కడతానన్నాడు, రాంగ్ నంబర్, మళ్లీ చేయాలి... ఇలా ఒక వరస ఉంటుంది. ‘రాంగ్ నంబర్’ నొక్కితే ఆ నంబరు జాబితాలోంచి పోతుంది, ఆవిడ గొంతు మళ్లీ వినపడదు. ‘కాల్‌బ్యాక్’ నొక్కితే చెప్పిన వేళకు డయలరే ఆవిడను పిలుస్తుంది. ఉద్యోగ ధర్మం మొదటిదాన్ని నొక్కమంటుంది. కుర్రాడు రెండోది నొక్కుతాడు. స్నేహం మొదలైన క్షణం చూపించాలంటే ఇంతకంటే స్పష్టమైన దృశ్యం దొరకదు. మౌస్ మీద వేలు, రెండు గడులు, పక్కన టీఎల్ అడుగుల చప్పుడు.

కాల్‌బ్యాక్‌లోనూ రెండు రకాలున్నాయి. ఒకటి అదే ఏజెంటుకు తిరిగి వచ్చేది, మరొకటి ఖాళీగా ఉన్న ఎవరికైనా వెళ్లేది. కుర్రాడు తొందరలో రెండోది పెడితే ఆవిడ ఫోను మర్నాడు పక్క సీటు అమ్మాయికి తగులుతుంది. ‘స్టీవ్ గొంతు ఇలా అయిందేమిటి?’ అని ఆవిడ, ‘జలుబు మేడమ్’ అని ఈ అమ్మాయి. తెలుగు నాటకాల్లో మారువేషం వేసి అవస్థ పడే పాత్ర ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ వేషానికి రంగూ విగ్గూ అక్కర్లేదు, హెడ్‌సెట్ చాలు.

నవ్వుకు మరో ఆధారం గడియారం. హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర అయితే ఒహాయోలో ఎండాకాలం ఉదయం పది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి ఉదయం పదంటే ఇక్కడ ఎనిమిదిన్నర. క్యాబ్ వేళ మారుతుంది, భోజనం వేళ మారుతుంది. సిద్దిపేటలో తల్లికి మాత్రం ఇదంతా అబద్ధంలా వినిపిస్తుంది. ‘అమెరికోళ్లు గడియారం తిప్పుకుంటే నువ్వెందుకురా లేటుగా తింటవ్?’ అన్న ఆమె ప్రశ్నకు కొడుకు దగ్గర జవాబు లేదు. ఆవిడ కాఫీ తాగే వేళ ఇతడికి షిఫ్టు మొదలు. ఇతడు తెల్లవారుజామున బండి దగ్గర ఇడ్లీ తినే వేళకు ఆవిడ రాత్రి భోజనం కూడా అయిపోతుంది. ఒకే రోజును రెండు చివరల నుంచి పట్టుకున్న ఇద్దరికి మాట్లాడుకోవడానికి వాతావరణం, తిండి చాలు. గోంగూర అంటే ఏమిటో చెప్పడానికే ఒక కాల్ మొత్తం సరిపోతుంది.

కాల్ ఎంతసేపు సాగిందో లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఏహెచ్‌టీ అంటారు, ఒక్కో కాల్‌కు పట్టిన సగటు సమయం. సీటెల్ కంపెనీ ఉద్యోగిని భారతదేశానికి పంపి, తన ఉద్యోగం తీసుకోబోయేవాళ్లకు అతడి చేతే శిక్షణ ఇప్పించే కథతో 2006లో ‘అవుట్‌సోర్స్‌డ్’ సినిమా వచ్చింది. అందులో ఉత్కంఠ అంతా ఈ నిమిషాలను తగ్గించడం చుట్టూనే తిరుగుతుంది. అదే పేరుతో 2010లో ఎన్‌బీసీలో వచ్చిన ధారావాహిక ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. చేతన్ భగత్ 2005 నవల ‘వన్ నైట్ @ ద కాల్ సెంటర్’లో అనుకోని ఫోను దేవుడి నుంచే వస్తుంది. 2019 నాటి హిందీ చిత్రం ‘డ్రీమ్ గర్ల్’లో కాల్ సెంటర్ అమ్మే సరుకే స్నేహం, అక్కడ కాల్ ఎంత సాగితే అంత లాభం. వసూళ్ల కథలో లెక్క తలకిందులు. ఆవిడతో మాట్లాడిన ప్రతి నిమిషమూ శ్రీనివాస్ నెల జీతంలోని ఇన్సెంటివ్‌ను కొరుకుతుంది. స్నేహానికి ధర కళ్లెదుట తెర మీద కనపడుతుంటే, ఆ స్నేహం నిజమైనదేనని చెప్పడానికి వేరే సంభాషణ రాయక్కర్లేదు.

ఈ మాటలన్నీ రికార్డవుతాయి. క్యూఏ అనే విభాగంలో ఒకరు కూర్చుని, ఎంపిక చేసిన కొన్ని కాల్స్ విని మార్కులు వేస్తారు. కథలో ఆ మనిషి విలన్‌గా అడుగుపెట్టి ప్రేక్షకుడిగా మారితే బాగుంటుంది. మొదటి కాల్‌కు సున్నా వేస్తాడు. రెండోదానికీ సున్నానే, కానీ చివరిదాకా వింటాడు. ఐదో కాల్ వేళకు టీ తెచ్చుకుని కూర్చుంటాడు. ‘ఆమె మోకాలి ఆపరేషన్ ఏమైందో అడగలేదేంరా?’ అని బ్రేక్‌లో కుర్రాణ్ణి నిలదీస్తాడు. మార్కులు మాత్రం మారవు. మారితే కథ చెడుతుంది. నియమం మెత్తబడిన చోట హాస్యం కారిపోతుంది.

ఇలాంటి స్నేహం ఎప్పటికీ సాగదు, దాన్ని తెంచడానికి విలన్ అక్కర్లేదు. అప్పు ఇచ్చిన సంస్థ ఏదో ఒకనాడు తన ఖాతాలను వెనక్కి తీసుకుంటుంది, లేదా వాటిని ఇంకొకరికి అమ్మేస్తుంది. ఆ రాత్రి డయలర్‌లో రాబర్ట్ పేరు ఉండదు. రాబర్ట్ లేకపోతే ఆవిడా లేదు. వసూళ్ల ఫ్లోర్ మీదికి చాలాచోట్ల సొంత ఫోను తీసుకెళ్లనివ్వరు, పెన్నూ కాగితమూ ఉంచుకోనివ్వరు. కార్డు వివరాలు రాసుకుపోతారని భయం. అందువల్ల ఇన్ని వారాలు మాట్లాడినా కుర్రాడి దగ్గర ఆవిడ నంబరు లేదు. రోజూ ఫోను చేసినవాడికి నంబరు తెలియకపోవడం కాల్ సెంటర్‌లో తప్ప ఇంకెక్కడా జరగని వింత.

ఇక కదలాల్సింది ఆవిడే. ఆవిడ ఫోనులో కంపెనీ నంబరు మిగిలి ఉంటుంది. రెండు రోజులు ఎదురుచూసి తనే ఫోను చేస్తుంది. ఎత్తినవాడు ఖాతా నంబరు అడుగుతాడు.

‘నాకు ఖాతా లేదు. అప్పూ లేదు. స్టీవ్ కావాలి.’

‘ఇక్కడ స్టీవ్‌లు ముగ్గురున్నారు మేడమ్.’

ఆవిడ కాసేపు ఆలోచిస్తుంది. పేరు దొంగ పేరని ఆవిడకు ఎప్పుడో తెలుసు.

‘వాళ్లమ్మ గోంగూర వండుతుంది,’ అంటుంది.

ఏజెంటు హెడ్‌సెట్ మీద చెయ్యి అడ్డుపెట్టి, లేచి నిలబడి ఫ్లోరంతా వినపడేలా అరుస్తాడు: ‘అరేయ్, గోంగూర స్టీవ్ ఎవడ్రా?’

ముగ్గురూ చెయ్యెత్తుతారు.