మిర్చి కన్నా ముందు వెళ్లే ఉత్తరం

గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి మొదలుపెట్టిన కొత్త వ్యాపారి విదేశీ కొనుగోలుదారుకు రాసే తొలి ఈమెయిల్ చాలావరకు ఇలా ఉంటుంది: "మా సరుకు మేలు రకం. అన్ని సర్టిఫికెట్లూ ఉన్నాయి. ప్యాకింగ్ మీరు ఎలా అడిగితే అలా. డబ్బు ఎలా పంపినా సరే." మర్యాదగానే ఉంది, కానీ ఇందులో సమాచారం సున్నా. ఇలాంటివి రోజూ చూసే దిగుమతిదారు దీన్ని రెండోసారి చదవడు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ రేవుకు తొడిమ తీసిన సన్నం మిర్చి 10 టన్నులు పంపాలనుకుందాం. అవతలివాడికి మన స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కన్నా పెద్ద బెంగ ఒకటుంది, అఫ్లాటాక్సిన్. తేమ తగిలిన కాయలో పెరిగే బూజు వదిలే విషం అది. యూరప్‌లో కిలో మిర్చికి బీ1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మించకూడదు. లెక్క వేస్తే మన 10 టన్నులు మొత్తంలో బీ1 50 మిల్లీగ్రాములు దాటకూడదు. చిటికెడు ఉప్పు కన్నా తక్కువే.

ఆ తేమ ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు మన చేతి నుంచే. టిక్కీల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లుతారు. బరువూ కాస్త పెరుగుతుంది కనుక ఎవరూ అడ్డు చెప్పరు. పైగా ఈ విషం సరుకంతటా సమానంగా పరుచుకుని ఉండదు. ఒక బస్తాలో నాలుగు బూజు కాయలుంటే పక్క బస్తా శుభ్రంగా ఉండొచ్చు. పైనున్న రెండు బస్తాల్లోంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే ఇక్కడ 4 వస్తుంది, అక్కడి అధికారులు చాలాచోట్ల నుంచి తీసి చూస్తే 6 రావచ్చు. అప్పుడు సరుకు వెనక్కి రావాలి, లేదా అక్కడే ధ్వంసం కావాలి.

అందుకే "సర్టిఫికెట్లు ఉన్నాయి" అన్న మాట చాలదు. ఉత్తరంలో ఇలా ఉండాలి: "ఈ లాట్‌లోని బస్తాల నుంచి విడివిడిగా తీసి కలిపిన నమూనాకు అఫ్లాటాక్సిన్, సూడాన్ రంగులు, పురుగుమందుల అవశేషాల పరీక్ష చేయిస్తాం. బీ1 రెండుకు మించితే ఆ లాట్ మీకు పంపం. రిపోర్టుపై లాట్ నంబర్, తేదీ ఉంటాయి. అదే నమూనాలో సగం సీలు వేసి మా దగ్గర ఉంచుతాం." హద్దు 5 అయినా మనం రెండు దగ్గరే ఆగడం ఊరికే కాదు. ఆ తేడానే మనకు రక్షణ. రేపు తగవొస్తే సీలు వేసిన ఆ సగమే సాక్ష్యం. పోయినేటి రిపోర్టు జత చేసేవాళ్లూ ఉన్నారు. అది ఈ సరుకు గురించి ఏమీ చెప్పదు.

ప్యాకింగ్‌కు రెండు వాక్యాలు చాలు. యార్డు టిక్కీ 40 కిలోల పైమాట, దాన్ని అక్కడ ఒక మనిషి ఎత్తడు. 25 కిలోల గోనె సంచులు 400, ప్రతిదాని మీదా లాట్ నంబర్. గోనె నారను మెత్తబరచడానికి పెట్రోలియం నూనె వాడితే ఆ వాసన కాయకు పడుతుంది. వంటనూనె రకంతో నేసిన సంచులని రాయాలి. సముద్రం మీద రాత్రి చలికి కంటైనర్ కప్పుకు చెమ్మ పట్టి చుక్కలుగా రాలుతుంది. తేమ పీల్చే సంచులు వేలాడదీస్తామని కూడా చేర్చాలి.

ఇక డబ్బు. కొత్తవాడితో నా ఓటు దీనికే: 30 శాతం ముందు, మిగతా 70 బ్యాంకు ద్వారా పత్రాలు అందగానే. ఓడ ఎక్కించినట్టు ఇచ్చే అసలు బిల్ ఆఫ్ లేడింగ్ చేతికి రానిదే అతను సరుకు విడిపించుకోలేడు. ఆ కాగితం అతని బ్యాంకులో ఉంటుంది, డబ్బు కట్టాకే ఇస్తారు. అయినా ధర పడిపోతే వద్దనేయొచ్చు. అప్పుడు రేవు అద్దె, తిరుగు రవాణా మన నెత్తినే. ఆ ఖర్చుకు అడ్డం 30 శాతం.

లెటర్ ఆఫ్ క్రెడిట్ ఇస్తానంటే మంచిదే, కానీ అది కాగితాలను చూస్తుంది, మిర్చిని కాదు. అందులో "తొడిమ లేని సన్నం" అని ఉండి మన ఇన్వాయిస్‌లో "తొడిమతో" అని పడితే సరుకు బంగారమైనా బ్యాంకు ఆపేస్తుంది. డ్రాఫ్ట్ ముందే తెప్పించుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి.

మరో వాక్యం తప్పకుండా ఉండాలి: "మా బ్యాంకు ఖాతా మారిందని ఈమెయిల్ వస్తే నమ్మకండి, మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగండి." మెయిల్ పెట్టెలోకి దొంగ చొరబడి, సరిగ్గా చెల్లింపు వేళకు వేరే ఖాతా నంబరు పంపడం ఈ వ్యాపారంలో పాత మోసమే.

యార్డులో ధర రోజూ మారుతుంది కనుక ఉత్తరం చివర గడువు రాయండి: ఈ రేటు శనివారం సాయంత్రం అయిదు వరకే.