ఐపీ67 ఫోన్ జేబులో పెట్టుకుని మందు పిచికారీ చేయవచ్చా?

"ఇది వాటర్‌ప్రూఫ్ ఫోన్, నీళ్లలో పడ్డా ఏమీ కాదు" అని షాపులో చెబితే, ముందు పెట్టె మీద ఐపీ అనే అక్షరాల పక్కన ఉన్న రెండు అంకెలు చూడండి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినది.

రెండో అంకె 4 అయితే (ఐపీ54 లాంటివి) ఏ వైపు నుంచి చినుకులు పడ్డా తట్టుకుంటుంది, నీటిలో మునిగితే మాత్రం హామీ లేదు. 7 అయితే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. 8 అయితే అంతకంటే కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీయే చెబుతుంది కాబట్టి అది చదివి తెలుసుకోవాలి.

ఈ మునక పరీక్ష కొత్త ఫోన్‌ను కదలని మంచి నీటిలో ఉంచి చేస్తారు. పొలంలో పరిస్థితి వేరు. పురుగుమందు ద్రావణంలో సబ్బులాంటి పదార్థాలు, కొన్నింటిలో నూనెలాంటి ద్రావకాలు ఉంటాయి. సబ్బు కలిసిన నీరు మామూలు నీరు దూరని సన్నని సందుల్లోకీ దూరుతుంది. ద్రావకాలు ఫోన్ అంచుల్లోని రబ్బరు, జిగురును దెబ్బతీయవచ్చు. పైగా పైపు నుంచి జోరుగా వచ్చే నీటికి వేరే పరీక్ష ఉంది (5, 6 అంకెలు). 7 ఉన్నంత మాత్రాన ఆ పరీక్ష నెగ్గినట్టు కాదు. అందుకే ఐపీ67 ఫోన్ అయినా పిచికారీ సమయంలో గట్టున పెట్టడమే మేలు. మందు పడిన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకోవడం మీకూ మంచిది కాదు.

ఐపీ67 ఫోన్ వరి మడిలో పడిందనుకోండి. లోతు జానెడే, తీసింది నిమిషంలోనే, కాబట్టి హామీ పరిధిలోనే ఉంది. అయితే గతంలో స్క్రీన్ మార్పించారా? కింద పడి అంచు పగిలిందా? అలాగైతే ఆ రేటింగ్‌ను నమ్మవద్దు. వెంటనే ఆఫ్ చేసి, బురద తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా గాలి తగిలే చోట ఆరబెట్టండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు. బియ్యంలో పెట్టవద్దు, నలుసులు రంధ్రంలో ఇరుక్కుంటాయి. తడిసి పాడైన ఫోన్‌కు చాలా కంపెనీల వారంటీ వర్తించదు, కొనే ముందే అడగండి.

వాచీ మీద "30 మీటర్లు" అని ఉంటే అంత లోతుకు దిగవచ్చని కాదు, అది ఒత్తిడి లెక్క. చేతులు కడుక్కోవడానికి, చిన్న వానకు సరిపోతుంది. బావిలో ఈతకు పనికిరాదు.

సంచులకు సాధారణంగా ఈ అంకెలు ఉండవు. గుడ్డకు నీరు పట్టని పూత ఉన్నా కుట్ల దగ్గర సూది రంధ్రాల నుంచి, జిప్పు నుంచి నీరు దిగుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు: సంచిలో పొడి కాగితం పెట్టి, కుట్ల మీద, జిప్పు మీద ఒక చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోసి, పది నిమిషాల తర్వాత తెరవండి. కాగితం తడిస్తే, పాసుపుస్తకాన్ని ముందు ప్లాస్టిక్ కవరులో మడిచి, ఆ తర్వాతే అందులో పెట్టాలి.