రెండు నిష్పత్తులు, ఒకే హారం

ఆపిల్ కంపెనీ 2017 ఆర్థిక సంవత్సరంలో 4,835 కోట్ల డాలర్ల నికర లాభం సంపాదించింది. అప్పటికి ఆ కంపెనీలో వాటాదార్ల సొమ్ము, అంటే వాళ్లు పెట్టిన మూలధనమూ పంచకుండా మిగిల్చిన లాభాలూ కలిపి, సుమారు 13,400 కోట్ల డాలర్లు. లాభాన్ని ఈ సొమ్ముతో భాగిస్తే 36 శాతం వస్తుంది. దీన్నే రిటర్న్ ఆన్ ఈక్విటీ, క్లుప్తంగా ఆర్‌ఓఈ అంటారు. వాటాదారుడి ప్రతి వంద మీదా కంపెనీ ఆ ఏడాది ఎంత సంపాదించిందో ఇది చెబుతుంది. ఐదేళ్ల తర్వాత, 2022లో, ఇదే లెక్క వేస్తే ఆపిల్ ఆర్‌ఓఈ దాదాపు 197 శాతానికి చేరింది.

లాభం మాత్రం అంత పెరగలేదు. 9,980 కోట్ల డాలర్లకు, అంటే రెండింతలకు కాస్త పైన చేరింది. మరి ఆర్‌ఓఈ ఐదింతలకు మించి ఎలా పెరిగింది? జవాబు భాగహారంలో కింద ఉండే అంకెలో దొరుకుతుంది. వాటాదార్ల సొమ్ము 13,400 కోట్ల నుంచి 5,067 కోట్ల డాలర్లకు తగ్గిపోయింది. లాభం పెరగడం సగం కథ. హారం కుంచించుకుపోవడం మిగతా సగం.

అప్పు-ఈక్విటీ నిష్పత్తికీ హారం ఇదే. కంపెనీ మొత్తం అప్పును వాటాదార్ల సొమ్ముతో భాగిస్తే అది వస్తుంది. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆర్‌ఓఈ ఎత్తుగా కనిపిస్తే అది వ్యాపారం బలమా, అప్పు బలమా, లేక హారం తగ్గడం వల్ల వచ్చిన మెరుపా అన్నది ఒక్క అంకెతో తేలదు.

ముందుగా అప్పు ఆర్‌ఓఈని ఎలా పెంచుతుందో ఊహాజనితమైన రెండు పంపుసెట్ల కంపెనీలతో చూద్దాం. రెండింటికీ వంద కోట్ల పెట్టుబడి, రెండింటికీ ఏడాదికి 15 కోట్ల నిర్వహణ లాభం. పన్ను ప్రస్తుతానికి పక్కన పెడదాం. మొదటిది వంద కోట్లూ వాటాదార్ల సొమ్ముతోనే నడుస్తుంది కాబట్టి దాని ఆర్‌ఓఈ 15 శాతం. రెండోది 25 కోట్లు సొంతంగా పెట్టి, 75 కోట్లు పది శాతం వడ్డీకి తెచ్చింది. వడ్డీకి ఏడున్నర కోట్లు పోగా మిగిలిన ఏడున్నర కోట్లు 25 కోట్ల మీద లాభం, అంటే 30 శాతం. యంత్రాలు అవే, పంపులు అవే, అమ్మకాలు అవే. రెండో కంపెనీ గొప్పతనమంతా దాని అప్పు-ఈక్విటీ నిష్పత్తి మూడు కావడమే.

ఇప్పుడు వానలు ముఖం చాటేసి రైతులు పంపులు కొనడం తగ్గిందనుకుందాం. నిర్వహణ లాభం 6 కోట్లకు పడింది. మొదటి కంపెనీకి ఇంకా ఆరు శాతం ఆర్‌ఓఈ ఉంది. రెండోదానికి మాత్రం వడ్డీ అదే ఏడున్నర కోట్లు, కనుక కోటిన్నర నష్టం. ఆ నష్టం వాటాదార్ల సొమ్మును 23.5 కోట్లకు కోస్తుంది. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండానే నిష్పత్తి 3 నుంచి 3.19కి ఎక్కుతుంది. ఇలా రెండు మూడేళ్లు సాగితే బ్యాంకులు కొత్త అప్పు ఇవ్వడానికి జంకుతాయి, ఇచ్చినా వడ్డీ పెంచుతాయి. కంపెనీలు కూలేది సాధారణంగా ఈ సుడిలోనే.

హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఇందుకు మన కళ్లముందు జరిగిన ఉదాహరణ. విద్యుత్ ప్రాజెక్టులను డెబ్భై పాళ్లు అప్పు, ముప్పై పాళ్లు సొంత సొమ్ముతో కట్టడం ఆ రంగంలో మామూలు. కేంద్రం నిలకడగా నడిచి కరెంటు అమ్ముడైతే ఆ లెక్క సరిపోతుంది. కానీ కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ అంచనాలకు తగ్గట్టు రాకపోవడంతో విజయవాడ దగ్గరి కొండపల్లిలో కొత్తగా కట్టిన యూనిట్లు ఇంధనం లేక నిలిచిపోయాయి. కేంద్రం ఆగినా వడ్డీ ఆగదు. 2011లో ఆస్ట్రేలియాలోని గ్రిఫిన్ బొగ్గు గనుల కొనుగోలు మరో బరువైంది. చివరికి 2017లో రిజర్వ్ బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో ఈ సంస్థా చేరింది, 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఇలాంటి సంస్థల్లో అప్పు ఎక్కువగా ఒక్కో ప్రాజెక్టు కోసం పెట్టిన అనుబంధ కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. మాతృసంస్థ లెక్కలు మాత్రమే, అంటే స్టాండలోన్ బ్యాలెన్స్ షీట్ మాత్రమే చూసినవారికి నిష్పత్తి సాధారణంగా కనిపించవచ్చు. అనుబంధ సంస్థలన్నిటినీ కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కల్లోనే అసలు బరువు తెలుస్తుంది. వార్షిక నివేదికలో రెండూ ఉంటాయి. నిష్పత్తులు వేయాల్సింది రెండో దాని మీదే.

తిరిగి ఆపిల్‌కి వస్తే, దాని అప్పు 2017లో సుమారు 11,570 కోట్ల డాలర్లు, 2022లో సుమారు 12,000 కోట్ల డాలర్లు. దాదాపు కదల్లేదు. అయినా అప్పు-ఈక్విటీ నిష్పత్తి 0.86 నుంచి 2.37కి దూకింది. కారణం బైబ్యాక్. ఆ ఐదేళ్లలో కంపెనీ తన షేర్లను తానే 38 వేల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొనేసింది. అలా ఖర్చుపెట్టిన ప్రతి డాలరూ వాటాదార్ల సొమ్ములోంచి తీసివేతే.

కేవలం నిష్పత్తులు చూసేవారికి ల్యాంకో లాంటి సంస్థా, ఆపిల్ లాంటి సంస్థా ఒకే గూటి పక్షుల్లా కనిపిస్తాయి. వీటిని వేరుచేసేది వడ్డీ కట్టే స్తోమత. 2022లో ఆపిల్ నిర్వహణ లాభం దాని వడ్డీ ఖర్చుకు దాదాపు నలభై రెట్లు. పైగా నగదు, సెక్యూరిటీలు కలిపి సుమారు 16,900 కోట్ల డాలర్లు దాని చేతిలో ఉన్నాయి. అప్పంతా ఒక్కరోజే తీర్చినా మిగులే. ఇందాకటి రెండో పంపుల కంపెనీకి మంచి ఏడాదిలో కూడా ఈ లెక్క రెండు రెట్లే.

అప్పు ఊసే లేకుండా ఆర్‌ఓఈ ఆకాశాన్నంటే సందర్భం కూడా ఉంది. మ్యాగీ, నెస్కఫే అమ్మే నెస్లే ఇండియా 2022లో సుమారు 2,390 కోట్ల రూపాయల లాభం చూపింది. వాటాదార్ల సొమ్ము సుమారు 2,460 కోట్లు, అంటే ఆర్‌ఓఈ 97 శాతం దాకా. అప్పు నామమాత్రం. సరుకుకు గిరాకీ బలంగా ఉంది, కొత్త యంత్రాలకు కావలసిన పెట్టుబడి లాభంతో పోలిస్తే తక్కువ, మిగిలిన దాంట్లో అధిక భాగం డివిడెండ్‌గా పంచేస్తుంది కనుక హారం ఉబ్బదు. ఇక్కడ ఆర్‌ఓఈ నిజంగా వ్యాపారం నాణ్యతను చూపిస్తోంది. అయితే కొత్తగా షేరు కొనేవారికి ఆ 97 శాతం రాదు. వాళ్లు కొనేది పుస్తకంలోని విలువకు కాదు, దానికి ఎన్నో రెట్లున్న మార్కెట్ ధరకు.

హారం తగ్గడానికి అన్నిటికన్నా చెడ్డ కారణం పేరుకున్న నష్టాలు. నాలుగేళ్లు నష్టపోయి మూలధనం కరిగిపోయిన కంపెనీకి ఐదో ఏట చిన్న లాభం వచ్చినా ఆర్‌ఓఈ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అందుకే ఒక్క ఏడాది అంకె మీద ఆధారపడకుండా ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు వరుసగా పెట్టి, వాటాదార్ల సొమ్ము ఏటా ఎంత మారింది, ఎందుకు మారింది అన్నది చూడాలి. డివిడెండ్, బైబ్యాక్, నష్టం: తగ్గుదలకు ఈ మూడింటిలో ఏది కారణమో వార్షిక నివేదికలోని ఈక్విటీ మార్పుల పట్టికలో రాసే ఉంటుంది.

ఈ పద్ధతి బ్యాంకులకు మాత్రం పనికిరాదు. జనం దాచుకున్న డిపాజిట్లే వాటికి ముడిసరుకు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న బ్యాంకు సైతం సొంత సొమ్ముకు ఎన్నో రెట్లు బాకీపడి ఉంటుంది. అక్కడ అప్పు-ఈక్విటీ నిష్పత్తి స్థానంలో రిజర్వ్ బ్యాంకు నిర్దేశించిన మూలధన నిష్పత్తినీ మొండి బాకీల శాతాన్నీ ఆర్‌ఓఈ పక్కన పెట్టి చూస్తారు.