ఏడు గీతలకు తొమ్మిది వరసలు

కిరాణా కొట్టులో తూకం మిషన్ మీద, లిఫ్టులో తలుపు పక్కన ఎర్రగా వెలిగే అంకెలు చూసే ఉంటారు. ఒక్కో అంకె చోట ఏడు చిన్న గీతలుంటాయి. పై గీత పేరు a. అక్కణ్నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా b, c, d, e, f. మధ్యలో అడ్డంగా ఉండేది g. అన్నీ వెలిగితే 8, కుడివైపు రెండే వెలిగితే 1. మిషన్ లోపల మాత్రం అంకె నాలుగు తీగల మీద వస్తుంది. వాటిని W, X, Y, Z అనుకుందాం. విలువలు వరసగా 8, 4, 2, 1. అంకె 5 అయితే X, Z తీగలు ఆన్‌లో ఉంటాయి, మిగతా రెండూ ఆఫ్‌లో ఉంటాయి.

ఈ నాలుగు తీగల్ని బట్టి ఏ గీత వెలగాలో తేల్చాలి. అంటే ఏడు నిర్ణయాలు, కానీ అన్నిటికీ ఆధారం అవే నాలుగు తీగలు. ఒక్క చిప్పుతో ఏడిటినీ తేల్చడానికి తేలికైన దారి రోమ్. అదొక ఎక్కాల పుస్తకం లాంటిది: లెక్క కట్టదు, జవాబు ముందే రాసి ఉంటుంది. నాలుగు తీగలు ఆన్, ఆఫ్‌లుగా 16 రకాలుగా కలుస్తాయి కాబట్టి 16 వరసలు కావాలి. ఏడు గీతలకు వరసకు ఏడు బిట్లు. అయిదో అంకె వరసలో 1011011 అని రాస్తాం. B, e ఆరిపోయి మిగతావి వెలుగుతాయి. మొత్తం 16 × 7, అంటే 112 బిట్లు. ఎనిమిదో గీత కావాలంటే 16 బిట్లు పెరుగుతాయి, అంతే. అదే అయిదో తీగ వచ్చిందంటే వరసలు 32 అవుతాయి, రోమ్ సైజు రెట్టింపవుతుంది.

అయితే 112 అన్నది సగం లెక్కే. వచ్చిన నాలుగు తీగల్ని చూసి 16 వరసల్లో సరైనదాన్ని ఎంచే డీకోడర్ కూడా చిప్పులోనే ఉండాలి. ప్రతి తీగకూ దాని వ్యతిరేకం కూడా కావాలి కాబట్టి ఎనిమిది గీతలు 16 వరసల్ని దాటుతూ వెళ్తాయి. అక్కడ 128 కూడళ్లు. రెండూ కలిపితే 240. పీఎల్‌ఏతో పోల్చేటప్పుడు ఈ అంకెనే తీసుకోవాలి. రోమ్‌కు 112 మాత్రమే రాసుకుంటే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

పీఎల్‌ఏలో తేడా ఈ మొదటి భాగంలోనే ఉంది. రోమ్‌లో డీకోడర్‌ను మార్చడానికి వీల్లేదు, 16 వరసలూ ఉండి తీరాలి. పీఎల్‌ఏలో ఏ వరస దేన్ని గుర్తుపట్టాలో మనమే చెప్పొచ్చు. 'X ఆఫ్, Z ఆఫ్' అని ఒకే వరస పెడితే 0, 2, 8 మూడింటినీ అదే పట్టుకుంటుంది. సైజు లెక్క తేలికే: తీగల సంఖ్యకు రెట్టింపును వరసలతో గుణించాలి, దానికి వరసలను అవుట్‌పుట్లతో గుణించి కలపాలి. ఇక్కడ ఒక్కో వరసకు 8 + 7, అంటే 15 కూడళ్లు. మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని వరసలు కావాలి?

కాలేజీలో నేర్పినట్టు ఏడు గీతల్నీ విడివిడిగా, ఒక్కోదాన్ని వీలైనంత చిన్నదిగా సూక్ష్మీకరిస్తే మొత్తం 25 పదాలు వస్తాయి. రెండు మూడు చోట్ల వచ్చినవాటిని ఒకసారే లెక్కేస్తే 15 మిగులుతాయి. 15 వరసలంటే 225 కూడళ్లు. రోమ్ 240తో పోలిస్తే ఇంత శ్రమకూ దక్కింది 15 కూడళ్ల ఆదా. ఇక్కడ ఆగిపోయినవాళ్లు పీఎల్‌ఏ వల్ల పెద్ద లాభమేమీ లేదనే అనుకుంటారు.

ఏడిటినీ కలిపి చూస్తే సంగతి మారుతుంది. c గీతనే తీసుకోండి. విడిగా అయితే అది X + Y' + Z, చాలా చిన్నది. కానీ ఈ మూడు పదాలూ వేరే ఏ గీతకూ పనికిరావు, c ఒక్కదాని కోసమే మూడు వరసలు పోతాయి. దాని బదులు మిగతా గీతల కోసం ఎలాగూ పెట్టిన వరసల్లోంచే అయిదింటిని c వాడుకుంటే కొత్త వరస ఒక్కటీ అక్కర్లేదు. రాతలో పొడవైంది, చిప్పులో చిన్నదైంది. పీఎల్‌ఏలో పదం పొడుగుకు ఖరీదు లేదు. వేరే వేరే పదాలెన్ని ఉన్నాయన్నదే ఖరీదు. అలా కలిపి కుదిస్తే ఇలా వస్తుంది:

```
a = X'Z' + YZ + XY'Z + XYZ' + W
b = X'Z' + X'Z + Y'Z' + YZ
c = X'Z + Y'Z' + YZ + XY'Z + XYZ'
d = X'Z' + X'Y + XY'Z + XYZ' + W
e = X'Z' + XYZ'
f = Y'Z' + XY'Z + XYZ' + W
g = X'Y + XY' + XYZ' + W
```

పైన పదాలు 29 కనిపిస్తున్నాయి, ముందటి 25 కన్నా ఎక్కువే. కానీ వేర్వేరువి తొమ్మిదే. 9 × 15, అంటే 135 కూడళ్లు. రోమ్ 240లో సగం కంటే కాస్త ఎక్కువ.

ఈ పంపకానికి రెండు పర్యవసానాలున్నాయి. మొదటిది, 10 నుంచి 15 వరకు అంకెలు రావన్న నమ్మకంతోనే ఇంత కుదించగలిగాం. పొరపాటున 14 వచ్చిందనుకోండి. XYZ', W వరసలు పలుకుతాయి, b తప్ప అన్ని గీతలూ వెలుగుతాయి. తెర మీద చక్కటి 6 కనిపిస్తుంది, చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు. రోమ్ అయితే ఆ ఆరు వరసల్లో సున్నాలు రాసి తెరను ఖాళీగా ఉంచొచ్చు, అదనపు ఖర్చు లేదు. తప్పు అంకె కనబడటం ప్రమాదమైన చోట నేనైతే రోమ్‌నే ఎంచుకుంటాను.

రెండోది, చిప్పు చెడితే లక్షణం వేరుగా ఉంటుంది. రోమ్‌లో ఒక బిట్టు పోతే ఒక అంకెలో ఒక గీత ఆరిపోతుంది. పీఎల్‌ఏలో X'Z' వరస తెగితే 0, 2, 8 మూడిట్లోనూ e గీత పోతుంది. 0, 2లలో ఇంకొన్ని గీతలు కూడా ఆరి అంకె వికారమవుతుంది కాబట్టి దొరికిపోతుంది. 8లో మాత్రం e ఒక్కటే పోయి 9 అవుతుంది. కొన్ని అంకెలు కలిసికట్టుగా చెడ్డాయంటే అవి పంచుకున్న వరస ఏదో వెతకాలి.

తీగలు పెరిగేకొద్దీ రెండిటి మధ్య దూరం విపరీతంగా పెరుగుతుంది. 1982లో వచ్చిన కమడోర్ 64 హోమ్ కంప్యూటర్‌లో మెమరీలో ఏ భాగం ఎప్పుడు పలకాలో తేల్చింది ఒక పీఎల్‌ఏ. తొలి మిషన్లలో అది సిగ్నెటిక్స్ వారి 82S100: ఇన్‌పుట్లు 16, వరసలు 48, అవుట్‌పుట్లు 8. మన లెక్క ప్రకారం 32 × 48 = 1536, 48 × 8 = 384, మొత్తం 1920 కూడళ్లు. అదే పని రోమ్‌తో చేయాలంటే 65,536 వరసలు, 5,24,288 బిట్లు. అప్పటికి అది ఊహించలేని ఖర్చు. పైగా 48 వరసలే ఉన్నాయంటే 49వ పదం కావాల్సిన డిజైన్ అందులో పట్టదు, రోమ్‌కు ఆ హద్దు లేదు.

తర్వాత మెమరీ చవకైపోయింది. ఆ పాత కంప్యూటర్లలో పీఎల్‌ఏ చెడిపోతే తరచుగా ఆన్ చేయగానే నల్లటి తెర ఒక్కటే కనిపిస్తుంది. బాగుచేసేవాళ్లు దాని స్థానంలో 27512 అనే ఈప్రామ్‌ను చిన్న అడాప్టర్‌తో పెట్టడం మొదలెట్టారు. సరిగ్గా 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు, సైజు అతికినట్టు సరిపోతుంది. చాలా మిషన్లు పనిచేస్తాయి కూడా. కానీ ఇన్‌పుట్ మారిన ప్రతిసారీ ఈప్రామ్ కొత్త వరసకు చేరేలోపు దాని అవుట్‌పుట్లు క్షణకాలం అటూ ఇటూ ఊగొచ్చు. ఆ ఊగిసలాట మెమరీని ఎంచే తీగ మీద పడితే, పట్టికలో ప్రతి బిట్టూ సరిగ్గా ఉన్నా కొన్ని మిషన్లు, కొన్ని కార్ట్రిడ్జులు మొరాయిస్తాయి.