పాత రేటుకు సంతకం వద్దనుకున్నప్పుడు

మార్చి దగ్గరపడేసరికి, సొంతంగా పనిచేసుకునే వీడియో ఎడిటర్లకు, డిజైనర్లకు క్లయింట్ల నుంచి కబురు వస్తుంటుంది: ‘పాత షరతుల మీదే ఇంకో ఏడాది కొనసాగిద్దాం.’ వినడానికి బాగానే ఉంటుంది. సంతకం పెట్టే ముందు మాత్రం ఏడాదిలో ఎన్ని గంటలు పోయాయో లెక్క చూసుకోవాలి.

హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సంస్థ యూట్యూబ్ చానల్‌కు ఒక అమ్మాయి ఎడిటింగ్ చేస్తోందనుకుందాం. నెలకు 8 పాఠాల వీడియోలు, 40 వేల రూపాయలు. మొదట్లో వీడియోకు పది గంటలు పట్టేది కాబట్టి గంటకు 500 గిట్టేది. తర్వాత ‘ఒక్క షార్ట్ కట్ చేసిపెట్టండి’, ‘థంబ్‌నెయిల్ కూడా మీరే చూడండి’ అంటూ పని పెరిగింది. రెండు విడతల కరెక్షన్లు నాలుగైదయ్యాయి. ఇప్పుడు నెలకు 120 గంటలు పోతున్నాయి. అంటే గంటకు దక్కేది 333 రూపాయలే. కాగితం మీద పనీ డబ్బూ మారలేదు గానీ, ఆమె సంపాదన మూడోవంతు పడిపోయింది.

55 వేలు ఇవ్వండి, లేదంటే షార్టులు, థంబ్‌నెయిళ్ళు తీసేయండి అని అడిగింది. ఈ ఏడాది బడ్జెట్ లేదన్నారు. ఇక వద్దని చెప్పడమే మిగిలింది.

ముందు ఒప్పందం తీసి గడువు చూడాలి. ‘ముగిసే 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపకపోతే ఒప్పందం దానంతటదే పొడిగించినట్టు’ అనే షరతు చాలావాటిలో ఉంటుంది. మార్చి 31తో ముగిసేదైతే ఫిబ్రవరి మూడో వారంలోనే మెయిల్ వెళ్ళాలి. షరతు లేకపోయినా అదే మంచిది. కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు వాళ్ళు ఇంకొకరిని వెతుక్కోవాలి కదా. కాదన్నందుకు కంటే, చివరి వారంలో కాదన్నందుకే క్లయింట్లకు ఎక్కువ కోపం వస్తుంది.

మెయిల్ పొట్టిగా ఉంటే చాలు: ‘మేడమ్, నమస్తే. ఏడాదిగా మీ చానల్‌కు పనిచేయడం సంతోషంగా ఉంది. ఇప్పుడున్న పనికి, ఇప్పుడున్న మొత్తానికి వచ్చే ఏడాది కొనసాగలేను. మార్చి 31 వరకు అన్ని వీడియోలూ అనుకున్న తేదీలకే ఇస్తాను. కొత్తగా వచ్చేవారికి ఫైళ్ళన్నీ అప్పగించి, ఒక పూట కూర్చుని వివరిస్తాను. జూన్ అడ్మిషన్ల ప్రచార వీడియోల్లాంటి విడి పనులుంటే తప్పకుండా చేస్తాను. వాటి రేటు వేరుగా పంపుతాను.’

ఇందులో ఫిర్యాదుల చిట్టా లేదు. ‘ఇంట్లో ఇబ్బందులు’ అనే సాకూ లేదు. సాకు చెబితే, అది తీరగానే పాత రేటుకే రమ్మంటారు. ‘పెంచితే ఉంటాను’ అని కూడా రాయలేదు. బేరం ముందే అయిపోయింది. మళ్ళీ రాస్తే ఈ మెయిలే బేరంలా కనిపిస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేది ఆఖరి వాక్యం. ‘ముందుముందు కలిసి పనిచేద్దాం’ అంటే ఎవరికీ గుర్తుండదు. ఫలానా నెలలో ఫలానా పని అంటే, ఆ అవసరం వచ్చినప్పుడు పేరు గుర్తొస్తుంది.

ఆ తర్వాత మిగిలేది అప్పగింత. అసలు ఫుటేజీ, ప్రాజెక్టు ఫైళ్ళు, వాడిన ఫాంట్లు, సంగీతం లైసెన్సులు, ఏది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే ఒక పేజీ కాగితం ఇవ్వాలి. ప్రాజెక్టు ఫైళ్ళు ఎవరివన్నది ఒప్పందంలో చూసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిస్తేనే బదిలీ అవుతాయి. చానల్‌లో తన ప్రవేశాన్ని తీసేయమని తనే గుర్తుచేయాలి. చివరి బిల్లు రాలేదని ఫైళ్ళు ఆపితే పాత పేరంతా పోతుంది. బిల్లు కోసం విడిగా అడగడమే నయం. వీలైతే ఆ బడ్జెట్‌కు సరిపోయే మంచి ఎడిటర్ ఒకరి పేరు చెప్పాలి. కొత్త మనిషి పని బాగుంటే ఆ మంచి పేరు సూచించినవారికీ వస్తుంది.

అయితే నెలసరి రాబడిలో సగానికి పైగా ఈ ఒక్క క్లయింటే ఇస్తుంటే ఒక్కసారిగా తెంచుకోవడం ప్రమాదం. షార్టులు తీసేసి రెండు మూడు నెలలకు చిన్న ఒప్పందం అడిగి, ఈలోగా ఇంకో పని చూసుకోవచ్చు.

మే నెలలో ఫోన్ వస్తుందనుకుందాం. ‘రెండే వీడియోలమ్మా, పాత లెక్కనే చేసిపెట్టు’ అంటారు. పాత లెక్కంటే వీడియోకు 5 వేలు. ఒప్పుకుంటే ఫిబ్రవరి మెయిల్‌కు విలువ ఉండదు. ‘విడి పనికి వీడియోకు 8 వేలు మేడమ్, రెండు విడతల కరెక్షన్లు కలిపి. సగం అడ్వాన్స్ వేస్తే సోమవారం మొదలుపెడతాను’ అనాలి. కుదరదంటే, ‘పర్లేదు మేడమ్, తర్వాత పనికి చూద్దాం’ అని అక్కడితో ఆపాలి. చాలాసార్లు రెండో రోజు మళ్ళీ ఫోన్ చేస్తారు. చేయకపోతే, ఆ రేటుకు ఆ క్లయింట్ దగ్గర పని లేనట్టే.