క్రిస్మస్ కేక్ ఆర్డరా? ఆఖరి వరుస దాకా చదవండి

నవంబర్ చివరి వారం వచ్చేసరికి సికింద్రాబాద్‌లో, గుంటూరులో, విశాఖపట్నంలో బేకరీల అద్దాల తలుపులకు ఒక కాగితం వేలాడుతుంది. పైన పెద్ద అక్షరాలతో ‘క్రిస్మస్ కేకులకు ఆర్డర్లు తీసుకుంటాం’ అని ఉంటుంది. కింద రకాలు: రిచ్ ప్లమ్, రమ్ ప్లమ్, ఎగ్‌లెస్ ప్లమ్, మార్జిపాన్ ఐసింగ్ కేక్. పక్కన కిలో ధర, ఆర్డరుకు ఆఖరి తేదీ. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస: ‘గోధుమ, పాలు, గుడ్డు, జీడిపప్పు, బాదం, సోయా, సల్ఫైట్లు ఉన్నవి’. రకం, ధర, తేదీ చూసుకుని అడ్వాన్సు కట్టేసేవాళ్లే ఎక్కువ. అలర్జీ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మాత్రం మొదట చదవాల్సింది ఆ చివరి వరుసనే.

ముందు తేదీల సంగతి. పండగ 25న అయితే ప్లమ్ కేక్ ఆర్డరు 18కో 20కో ఎందుకు ఆపేస్తారు? దీనికి కారణం ఎండు పళ్లు. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్క, పచ్చి బొప్పాయి ముక్కలతో చేసే టూటీఫ్రూటీ వంటివన్నీ రమ్ములోనో ద్రాక్షరసంలోనో ముందుగా నానాలి. నానని ఎండు పళ్లు కేకులోని తేమను లాగేసుకుంటాయి, కేకు పొడిపొడిగా విరిగిపోతుంది. పెద్ద హోటళ్లు అక్టోబర్, నవంబర్‌లలో జరిపే ‘కేక్ మిక్సింగ్’ వేడుక ఈ నానబెట్టే పనే. కిలో కేకులో మూడోవంతుకు పైగా పళ్లే పడతాయనుకుంటే, వంద కిలోల కేకులకు 35 కిలోలకు తక్కువ కాకుండా నానిన పళ్లు సిద్ధంగా ఉండాలి. డిసెంబర్ 20న డబ్బా అడుగంటితే ఆ రాత్రికి రాత్రి మళ్లీ నానబెట్టడం ఎవరివల్లా కాదు.

రెండో ఇబ్బంది ఓవెన్. పళ్లు నిండిన కిలో కేకు 150 డిగ్రీల సన్నని వేడి మీద దాదాపు రెండు గంటలు కాలాలి. వేడి పెంచితే పైన మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. దించాక పూర్తిగా చల్లారడానికి ఇంకొన్ని గంటలు పడుతుంది. గోరువెచ్చగా ఉండగానే కవరు చుడితే లోపల ఆవిరి నీరై బూజు పడుతుంది. మన దగ్గర రద్దీ 24 దాకా ఆగదు కూడా. చర్చిల్లో, ఆఫీసుల్లో, కాలేజీల్లో సెమీ క్రిస్మస్‌లు డిసెంబర్ మొదటి వారం నుంచే మొదలవుతాయి, ఒక్కో చోటికి పదుల కిలోలు వెళతాయి. మార్జిపాన్ కేక్‌కు గడువు ఇంకా ముందు. కేకు చుట్టూ పరిచిన మార్జిపాన్ ఒకటి రెండు రోజులు ఆరితేనే దానిమీద తెల్లటి రాయల్ ఐసింగ్ మచ్చలు పడకుండా నిలుస్తుంది.

ఇక రకాల దగ్గర జాగ్రత్త పడాల్సిన మాట ‘ఎగ్‌లెస్’. మన దేశంలో గుడ్డు ఉన్న కేకు పెట్టె మీద గోధుమరంగు త్రికోణం, లేనిదాని మీద ఆకుపచ్చ చుక్క ఉంటాయి. శాకాహారులకు ఈ గుర్తు చాలు. అలర్జీ ఉన్నవాళ్లకు చాలదు. గుడ్డు తీసేసినచోట బేకరీవాళ్లు చాలాసార్లు పెరుగో కండెన్స్‌డ్ మిల్కో వేస్తారు. అంటే గుడ్డు పోయి పాల పాలు పెరుగుతుంది. పాలు పడని బిడ్డకు ఎగ్‌లెస్ కేకు మామూలు కేకుకన్నా ఏమాత్రం మేలు కాదు. సంప్రదాయ రాయల్ ఐసింగ్‌ను గుడ్డు తెల్లసొనతోనో, దాని పొడితోనో చేస్తారు. లోపలి కేకు ఎగ్‌లెస్ అయినా పైపూత ఎగ్‌లెస్ అవునో కాదో విడిగా అడగాలి.

మార్జిపాన్‌ది ఇంకో చిక్కు. యూరప్‌లో అది బాదం ముద్ద. గోవా, ముంబై బేకరీల్లో జీడిపప్పుతో చేయడం మామూలే. బాదం పడుతుంది గానీ జీడిపప్పు పడదనే మనిషికి ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ముక్కలుగా ఉన్న జీడిపప్పును ఏరి పక్కన పెట్టొచ్చేమో గానీ, మెత్తగా రుబ్బి చక్కెరలో కలిపేశాక కంటికి ఆనదు. ఓవెన్ వేడికి దాని అలర్జీ గుణం పోతుందనుకోవడమూ పొరపాటే.

సల్ఫైట్లు అనే మాట చాలామందికి కొత్త. బంగారు రంగు కిస్‌మిస్, మెరిసే నారింజరంగు ఎండు ఆప్రికాట్ నల్లబడకుండా సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి దానితో ఆయాసం వస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనలు కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకుమించి సల్ఫైట్లు ఉంటే చెప్పాలంటున్నాయి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు లేవు. బ్రిటన్ జాబితాలో ఉన్నాయి.

నువ్వుల మాట ఎత్తడానికి ఒక కారణం ఉంది. 2016లో నటాషా ఎడ్నాన్ లపెరూజ్ అనే 15 ఏళ్ల బ్రిటిష్ అమ్మాయి విమానాశ్రయంలో కొన్న బ్రెడ్డు శాండ్‌విచ్ తిని చనిపోయింది. నువ్వులు పైన చల్లి ఉంటే కనిపించేవే. అవి పిండిలో కలిపి కాల్చేశారు, పొట్లం మీద ఆ సంగతి లేదు. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 2021 అక్టోబర్ 1 నుంచి అక్కడ కొత్త చట్టం అమలవుతోంది. దుకాణంలోనే చేసి, ముందుగా ప్యాక్ చేసి అమ్మే తిండి మీద కూడా దినుసులన్నీ రాయాలి, అలర్జీ కలిగించేవి కొట్టొచ్చినట్టు కనిపించాలి. తెలుగు ఊళ్లలో బేకరీ గల్లాపెట్టె పక్కనే నువ్వుల బిస్కట్లు కూడా అమ్ముతారు కాబట్టి ఆ ఇళ్లవాళ్లు నోటీసులో లేకపోయినా నువ్వుల సంగతి అడిగి తీరాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులో ఒక ఇంట్లో ఆరేళ్ల పాపకు జీడిపప్పు పడదని డాక్టరు తేల్చారనుకుందాం. తల్లి బేకరీకి వెళ్లి, ‘అన్నా, జీడిపప్పు లేని ప్లమ్ కేక్ కావాలి’ అంటుంది. ‘వేయకుండా చేసిస్తామమ్మా’ అంటాడు కౌంటర్ కుర్రాడు. సగం జవాబే వచ్చింది. అదే గిన్నెలో, అదే గరిటెతో, అదే బల్ల మీద జీడిపప్పు కేకు చేస్తే పొడి అంటుకుంటుంది. ఆమె అడగాల్సిన రెండో ప్రశ్న: ‘వేరే గిన్నెలు, వేరే ట్రేలు వాడతారా? నానబెట్టిన పళ్ల డబ్బాలో ముందే జీడిపప్పు కలిపేశారా?’ చాలాచోట్ల పళ్లు, పప్పులు ఒకే డబ్బాలో నానతాయి, అప్పుడు ‘వేయకుండా’ అన్న మాటకు అర్థమే లేదు. మేస్త్రీ నిజాయితీగా ‘మా దగ్గర కుదరదమ్మా’ అంటే అది మంచి బేకరీ అని లెక్క. ఆ పాపకు కేకు ఇంట్లో చేసుకోవడమే క్షేమం.

మద్యం ముట్టనివాళ్లు రమ్ సంగతి కూడా అడగాలి. కాలిస్తే మొత్తం ఆవిరైపోతుందన్నది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, పిండిలో కలిపి గంటసేపు కాల్చినదాంట్లో సుమారు పావు వంతు, రెండు గంటలు కాల్చినదాంట్లో పదోవంతు ఆల్కహాల్ మిగులుతుంది. కాల్చాక పైన పూసిన రమ్ దాదాపు అంతా అలాగే ఉంటుంది.

ఈ ప్రశ్నలు గడువుకు కనీసం వారం ముందే, రద్దీ లేని మధ్యాహ్నం వేళ, కౌంటర్‌లో కుర్రాడిని కాకుండా మేస్త్రీని అడగండి. అలర్జీ పేరు, ‘వేరే పాత్రలు’ అన్న మాట రసీదు మీద రాయించుకోండి, కేకు తీసుకునేటప్పుడు రసీదును పెట్టె లేబుల్‌తో సరిచూసుకోండి. పక్కింటికి కేకు ముక్కలు పంపేటప్పుడు అందులో ఏమేం ఉన్నాయో ఒక చీటీ రాసి పళ్లెంలో పెట్టండి. తిన్నాక పెదవులు ఉబ్బినా, ఒంటిమీద దద్దుర్లతోపాటు ఊపిరి కష్టమైనా మాత్ర వేసి చూద్దామని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.